నలుగురి బృందం, ఇద్దరి సంతకాలు: ది స్మిత్స్ వాటాల వివాదంపై ఒక కేస్ స్టడీ

హైదరాబాదులో సంగీత బృందాలకు ఒప్పంద పత్రాలు రాసిపెట్టడం, విడిపోయేటప్పుడు వాటి లెక్కలు తేల్చడం న్యాయవాదిగా నా పనిలో ఒక భాగం. రాక్ బృందం ఏదైనా చీలినప్పుడు పత్రికల్లో సాధారణంగా రెండు కారణాల్లో ఒకటి కనిపిస్తుంది: సంగీతం విషయంలో అభిప్రాయ భేదాలు, లేదా డబ్బు గొడవ. నా దగ్గరికి వచ్చే బృందాల్లో మాత్రం ఈ రెండూ విడివిడిగా ఉండటం నేను చూడలేదు. పాట ఎవరిది అనే ప్రశ్నకు చెప్పుకున్న జవాబే డబ్బు ఎవరిది అనే ప్రశ్నకూ జవాబైపోతుంది. ఆ జవాబును నోరు తెరిచి ఎవరూ చెప్పకపోవడం వల్ల రెండు తగాదాలూ ఒకేసారి ముదురుతాయి. దీన్ని వివరించడానికి మాంచెస్టర్‌కు చెందిన ది స్మిత్స్ బృందాన్ని తీసుకుంటున్నాను. చాలా బృందాలు కోర్టు మెట్లెక్కకుండానే రాజీ పడతాయి కాబట్టి వాటి లోపలి సంగతులు బయటికి రావు. ఈ బృందం లోపలి ఏర్పాట్లు మాత్రం ప్రమాణం చేసిన సాక్ష్యాల ద్వారా కోర్టు రికార్డులోకి ఎక్కాయి.

బృందం కుదిరిన తీరు

1982లో జానీ మార్ అనే పద్దెనిమిదేళ్ల గిటారిస్టు, అతనికంటే నాలుగేళ్లు పెద్దవాడైన మొరిసీ ఇంటికి వెళ్లి కలిసి పాటలు రాద్దామని అడిగాడు. సంగీతం మార్‌ది, సాహిత్యం, గానం మొరిసీవి. ఆ తర్వాత డ్రమ్మర్‌గా మైక్ జాయిస్ వచ్చాడు. అదే ఏడాది అక్టోబరులో మొదటి ప్రదర్శన జరిగింది. కొద్దికాలానికే మార్ బడి స్నేహితుడు ఆండీ రూర్క్ బేస్ గిటారిస్టుగా చేరాడు. ఈ నలుగురే 1984 నుంచి 1987 వరకు నాలుగు స్టూడియో ఆల్బమ్‌లు చేశారు. వేదిక మీదా, ఆల్బమ్ అట్టల మీదా, ఇంటర్వ్యూల్లోనూ అది నలుగురి బృందమే.

కాగితం మీద మాత్రం అలా కాదు. 1983లో రఫ్ ట్రేడ్ అనే స్వతంత్ర రికార్డు సంస్థతో కుదిరిన ఒప్పందంలో బృందం తరఫున సంతకాలు చేసింది మొరిసీ, మార్ ఇద్దరే. తక్కిన ఇద్దరికీ సంస్థతో నేరుగా ఏ సంబంధమూ ఏర్పడలేదు. బృందం డబ్బు ఎక్కడికి వచ్చి చేరుతుందో, అందులోంచి ఖర్చులు ఎలా పోతాయో తెలుసుకునే దారి కూడా ఆ ఇద్దరి ద్వారానే. నలుగురి మధ్య వాటాల గురించి రాతపూర్వకమైన ఒప్పందం ఏదీ లేదు. ఇందులో దురుద్దేశం ఉందని నేను అనను. ఇరవై ఏళ్ల వయసులో, చేతిలో డబ్బు లేని రోజుల్లో, స్నేహితుడి ముందు కాగితం పెట్టి నీ వాటా ఎంత అని అడగడం అవమానంగా తోస్తుంది. నా దగ్గరికి వచ్చే కుర్రవాళ్లలోనూ ఆ మొహమాటమే ఎక్కువగా కనిపిస్తుంది.

రెండు వేర్వేరు ఆదాయాలు

వాటాల వివాదం అర్థం కావాలంటే రాక్ బృందానికి డబ్బు వచ్చే మార్గాలను విడదీసి చూడాలి. మొదటిది పాట రచన మీద వచ్చే ఆదాయం. పాటకు బాణీ కట్టినవారికి, మాటలు రాసినవారికి కాపీరైటు ఉంటుంది; రికార్డు అమ్ముడైనా, రేడియోలో వినిపించినా, వేరొకరు ఆ పాటను పాడుకున్నా వారికి సొమ్ము చేరుతుంది. సంగీత వ్యాపారంలో దీన్ని పబ్లిషింగ్ అంటారు. రెండవది రికార్డింగు మీద రికార్డు సంస్థ ఇచ్చే రాయల్టీ. వాయించినవారికి, పాడినవారికి దక్కేది ఇందులోంచే. వీటికి తోడు ప్రదర్శనల పారితోషికం, టీషర్టుల వంటి సరుకుల అమ్మకం ఉంటాయి.

స్మిత్స్ విషయంలో మొదటి మార్గం మీద తగాదా రాలేదు. పాటలు మొరిసీ, మార్ రాసినవే కాబట్టి పబ్లిషింగ్ ఆదాయం పూర్తిగా వారిదేనని జాయిస్ కూడా ఒప్పుకున్నాడు. తగాదా వచ్చింది రికార్డింగు, ప్రదర్శనల మీద మిగిలే లాభం గురించి. దాన్ని మొరిసీ, మార్ చెరి 40 శాతం తీసుకుని, జాయిస్‌కు, రూర్క్‌కు చెరి 10 శాతం ఇస్తూ వచ్చారు.

ఈ అంకెల తేడా ఎంతటిదో తేలికైన లెక్కతో చూడవచ్చు. ఒక ఏడాది పబ్లిషింగ్ మీద 100 రూపాయలు, రికార్డింగు, ప్రదర్శనల మీద మరో 100 రూపాయలు మిగిలాయని అనుకుందాం. పాటలు రాసిన ఒక్కొక్కరికి మొదటి నూరులో 50, రెండవ నూరులో 40, మొత్తం 90 రూపాయలు వస్తాయి. డ్రమ్మర్‌కు వచ్చేది 10. అంటే తొమ్మిది రెట్ల తేడా. అదే రెండవ నూరును నలుగురూ సమానంగా పంచుకుని ఉంటే, పాటలు రాసినవారికి 75 చొప్పున, మిగతావారికి 25 చొప్పున వచ్చేవి. అప్పుడు కూడా రచయితకు మూడు రెట్లు ఎక్కువే దక్కుతుంది. రచన అనే అదనపు పనికి అదనపు ప్రతిఫలం పబ్లిషింగ్‌లో అప్పటికే ఉంది; రికార్డింగులోనూ మళ్లీ అదే కారణం చెప్పి ఎక్కువ తీసుకోవడం వల్ల ఒకే పనికి రెండుసార్లు లెక్క కట్టినట్లయింది. బృందాల తగాదాల్లో నేను మొదట వెతికేది ఈ రెండవ లెక్కనే.

మొరిసీ, మార్ వైపున కూడా ఒక వాదం ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. బృందాన్ని కూర్చింది వారు. ఒప్పందం మీద సంతకం చేసి బాధ్యత తలకెత్తుకున్నది వారు. అట్టల బొమ్మలు, ఇంటర్వ్యూలు, సంస్థతో బేరాలు అన్నీ వారే చూశారు. ఈ పనులన్నిటికీ ఎక్కువ వాటా అడగడంలో తప్పేమీ లేదు. అడిగిన మాటకు అవతలివాడు నిజంగా ఒప్పుకున్నాడా అన్నదే ప్రశ్న.

ఒప్పుకోలు ఉందా, మౌనం మాత్రమేనా

కోర్టులో రెండు కథనాలు ఎదురెదురుగా నిలిచాయి. 1983లో మొదటి ఆల్బమ్ తయారవుతున్న కాలంలో 40, 40, 10, 10 అనే లెక్కను తక్కిన ఇద్దరికీ చెప్పామని, వాళ్లు దానికి ఒప్పుకునే కొనసాగారని మొరిసీ, మార్ పక్షం చెప్పింది. అలాంటి ఒప్పుకోలు ఏనాడూ జరగలేదని, తాను నలుగురిలో సమాన భాగస్వామినే అనుకున్నానని జాయిస్ చెప్పాడు. ఆనాటి సంభాషణకు రాసి పెట్టుకున్న గుర్తు ఏదీ లేదు. పదమూడేళ్ల తర్వాత ఆ మాటలను ఎవరి జ్ఞాపకం ప్రకారం వాళ్లు చెప్పుకోవలసి వచ్చింది.

ఇక్కడ ఒక పత్రం కీలకమైంది. బృందం అకౌంటెంట్లు తయారుచేసిన లెక్కల్లో లాభాన్ని ఆ నిష్పత్తిలోనే పంచినట్లు చూపారు. ఆ లెక్కలు జాయిస్‌కు చేరాయి. అతను అభ్యంతరం చెప్పలేదు. లెక్కలు చూసి కూడా ఊరుకున్నాడంటే ఒప్పుకున్నట్లేనని ఎదుటి పక్షం వాదించింది. వ్యాపారం తెలిసినవారి మధ్య ఈ వాదానికి బలం ఉంటుంది. కాని ఒక డ్రమ్మర్ చేతికి ఏడాది లెక్కల పుస్తకం వస్తే దానిలో ఏ పేజీలో తన వాటా ఉందో, ఆ అంకె తన హక్కుల మీద ఏ ప్రభావం చూపుతుందో అతనికి తెలుస్తుందని అనుకోగలమా? నేను చూసినంతలో సంగీతకారులు అలాంటి కాగితాల్లో చివరి అంకెను మాత్రమే చూస్తారు, అదీ బ్యాంకులో పడిన మొత్తంతో సరిపోయిందా లేదా అని.

1986: తీసేయడం, మళ్లీ చేర్చుకోవడం

వాటాల సంగతి అలా నానుతుండగానే సభ్యుల మార్పు వచ్చిపడింది. 1986 మొదట్లో హెరాయిన్ అలవాటు కారణంగా రూర్క్‌ను బృందం నుంచి తొలగించారు. అతని స్థానంలో బేస్ వాయించడానికి క్రెయిగ్ గానన్‌ను పిలిచారు. కొద్ది వారాల్లోనే రూర్క్‌ను తిరిగి తీసుకున్నారు. గానన్ మాత్రం రెండవ గిటారిస్టుగా ఆ ఏడాది చివరిదాకా ఉండి, తర్వాత వెళ్లిపోయాడు. అభిమానుల దృష్టిలో ఇది బృందం చరిత్రలో ఒక చిన్న మలుపు. నా దృష్టిలో ఈ కొన్ని నెలలే కేసు మొత్తంలో ఎక్కువ నేర్పేవి.

ఇంగ్లండు భాగస్వామ్య చట్టం 1890లోని 25వ సెక్షన్ ప్రకారం, భాగస్వాముల మధ్య ముందుగా స్పష్టమైన ఒప్పందం ఉంటే తప్ప, మెజారిటీ ఉన్నంత మాత్రాన ఒక భాగస్వామిని బయటికి పంపడానికి వీల్లేదు. స్మిత్స్‌లో అలాంటి ఒప్పందం కాగితం మీద ఏదీ లేదు. అంటే రూర్క్ భాగస్వామి అయితే అతన్ని తీసేసే అధికారం ఎవరికీ లేదు. అతను జీతగాడు అయితే తీసేయవచ్చు. అతన్ని తీసేసిన పద్ధతి చూస్తే జీతగాడిలా చూశారనిపిస్తుంది. లాభంలో శాతం ఇచ్చిన పద్ధతి చూస్తే భాగస్వామిలా చూశారనిపిస్తుంది. గానన్ గురించి కూడా ఇదే ప్రశ్న వేసుకోవాలి. ఐదవ మనిషి వచ్చాడు కదా, అతను లాభంలో భాగస్థుడా, వారానికి ఇంత అని మాట్లాడుకుని వాయించేవాడా? అతని పేరు మీద వాటా ఏర్పడితే అది ఎవరి వాటాలోంచి తగ్గాలి?

రాక్ బృందాల్లో సభ్యులు అంత తరచుగా మారడానికి ఒక కారణం ఇక్కడ దొరుకుతుంది. సభ్యుడి హోదా ఏమిటో ఎవరూ తేల్చకపోతే అతన్ని తీసేయడం సులువుగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ సమయానికి దాని ఖరీదు ఎవరికీ కనబడదు. ఆ ఖరీదు పదేళ్ల తర్వాత, పాత రికార్డులు కొత్త ముద్రణల్లో మళ్లీ అమ్ముడవుతున్నప్పుడు తెలుస్తుంది. బృందం నుంచి వెళ్లిపోయినవాడి వాయిద్యం ఆ రికార్డుల్లోంచి వెళ్లిపోదు కదా.

1987: కారణంగా చెప్పుకున్న పాట

1987 వేసవిలో మార్ బృందాన్ని వదిలేశాడు. ఈ చీలికకు ప్రచారంలో ఉన్న కారణం సంగీతం విషయంలో అభిరుచి భేదం. మొరిసీకి 1960ల నాటి బ్రిటిష్ పాప్ గాయనుల పాటలంటే ప్రీతి. సిల్లా బ్లాక్ పాడిన ఒక పాత పాటను రికార్డు చేయించాడు. అది మార్‌కు ఏమాత్రం నచ్చలేదు. ఇలాంటి పాటలు వాయించడానికి తాను బృందం పెట్టలేదన్న అర్థంలో తర్వాత చెప్పుకున్నాడు కూడా. ఆ అభిరుచి భేదం నిజమైనదే. అయితే ఒక సింగిల్ వెనుక వైపున వేయడానికి రికార్డు చేసిన ఒక్క పాట కోసం, దేశంలోనే పేరున్న బృందాన్ని ఎవరైనా వదులుకుంటారా?

ఆ పాటకు ముందు జరిగినవి చూస్తే సంగతి బోధపడుతుంది. మొదటి మేనేజరు జో మాస్ 1983 చివరలోనే తప్పుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన మేనేజర్లెవరూ నిలవలేదు. మేనేజరు లేని కాలంలో ఆ పనిలో పెద్ద భాగం మార్ మీదే పడింది. బాణీలు కట్టేదీ, స్టూడియోలో రికార్డింగును నడిపించేదీ అతనే. దానికి తోడు పర్యటన ఏర్పాట్లు, ఫోన్లు, బాకీలు. 1986 అమెరికా పర్యటన నాటికి అతను విపరీతంగా తాగుతూ అలసిపోయి ఉన్నాడు. ఆ పర్యటనలో చివరి ప్రదర్శనలను రద్దు చేసుకోవలసి వచ్చింది. 1987లో వచ్చిన అమెరికన్ మేనేజరు విషయంలోనూ మొరిసీకీ మార్‌కీ పొసగలేదు. అప్పటికి ఈఎంఐ అనే పెద్ద సంస్థతో కొత్త ఒప్పందం కూడా కుదిరి ఉంది, అంటే పని ఇంకా పెరగబోతోంది. అటువంటి సమయంలో మార్ కొంత విరామం కోరుకున్నాడు. ఆగస్టులో బృందం చీలుతోందన్న వార్త ఒక సంగీత వారపత్రికలో వచ్చింది. మార్ తాను వెళ్లిపోయానని చెప్పేశాడు. మిగిలిన ముగ్గురూ మరో గిటారిస్టుతో ప్రయత్నించారు గానీ అది కుదరలేదు. సెప్టెంబరులో చివరి ఆల్బమ్ విడుదలయ్యే నాటికి బృందం లేదు.

నా విశ్లేషణలో సిల్లా బ్లాక్ పాట ఈ చీలికకు సాకు కాదు, మూలం కూడా కాదు. పాటల ఎంపికలో మాట ఎవరిది చెల్లాలి అన్న సంగతి తేలకపోవడమూ, మేనేజరు ఎవరు అన్నది తేలకపోవడమూ ఒకే లోపానికి రెండు రూపాలు. నలుగురిలో ఇద్దరికి ఓటే లేదు. మిగిలిన ఇద్దరిలో ఒకరు కాదంటే రెండవవాడికి మిగిలేది సర్దుకుపోవడం లేదా వెళ్లిపోవడం. ఇద్దరే నిర్ణయించే చోట విభేదం వస్తే తేల్చేవారు ఉండరు. 40 శాతం చొప్పున తీసుకున్న ఏర్పాటు మార్‌కు ఎక్కువ డబ్బు ఇచ్చింది నిజమే, కాని మొరిసీతో ఒంటరిగా ఎదురుబొదురు నిలబడే స్థితిని కూడా అదే ఇచ్చింది. సమాన వాటాదారులుగా జాయిస్, రూర్క్ ఆ సమావేశాల్లో కూర్చుని ఉంటే మార్ బరువు కొంత తగ్గేదని నేను నమ్ముతాను.

కోర్టులో తేలింది

1989లో జాయిస్, రూర్క్ ఇద్దరూ దావాకు దిగారు. అప్పటికే ఆర్థికంగా ఇబ్బందుల్లో ఉన్న రూర్క్ వెంటనే రాజీ పడ్డాడు. సుమారు 83,000 పౌండ్ల ఏకమొత్తం తీసుకుని, ఇక ముందు కూడా 10 శాతంతోనే సరిపెట్టుకుంటానని, వేరే హక్కులు కోరనని ఒప్పుకున్నాడు. జాయిస్ పోరాడాడు. విచారణ లండన్ హైకోర్టులో 1996 డిసెంబరులో జరిగింది.

జాయిస్ పక్షం ఆధారపడింది అదే 1890 నాటి చట్టంలోని 24వ సెక్షన్ మీద. భాగస్వాముల మధ్య వేరే విధమైన ఒప్పందం, స్పష్టంగా గానీ ప్రవర్తన ద్వారా గానీ, ఉన్నట్లు రుజువైతే తప్ప లాభంలో అందరికీ సమాన వాటా ఉంటుందని ఆ సెక్షన్ చెబుతుంది. కాబట్టి సమానత్వాన్ని జాయిస్ రుజువు చేయనక్కరలేదు. అసమానతకు అతను ఒప్పుకున్నాడని ఎదుటివారే రుజువు చేయాలి. వారు చేయలేకపోయారు. జాయిస్, రూర్క్ సాక్ష్యాలు సూటిగా, నిజాయితీగా ఉన్నాయని న్యాయమూర్తి వీక్స్ భావించారు. మొరిసీ విషయంలో మాత్రం, తన ప్రయోజనాలు ఇమిడి ఉన్న చోట అతను నమ్మదగిన సాక్షి కాదని కఠినమైన మాటలే వాడారు. జాయిస్‌కు 25 శాతం వాటా ఉందని తీర్పు వచ్చింది. వెనకటి బాకీ సుమారు 10 లక్షల పౌండ్లు ఉంటుందని ఆనాటి అంచనా.

మొరిసీ అప్పీలుకు వెళ్లాడు. 1998 నవంబరులో అప్పీలు కోర్టు దాన్ని కొట్టివేసింది. లెక్కల కాగితాలు చూసి ఊరుకున్నాడన్న వాదం అక్కడా నిలవలేదు. తన హక్కు ఏమిటో తెలియనివాడికి లెక్కలు పంపినంత మాత్రాన, అతను బదులు చెప్పనంత మాత్రాన ఒప్పందం మారిపోదని తేలింది. డ్రమ్మర్ ప్రతిభ గొప్పదా, గాయకుడిది గొప్పదా అన్న చర్చ ఈ తీర్పులో లేదు. బృందం ఆ లెక్క తానే వేసుకుని కాగితం మీద పెట్టుకోవాలి. అది చేయకపోతే చట్టం సమానం అనే అంకెను పెడుతుంది, అంతే.

మన చట్టంలో ఇదే కేసు

హైదరాబాదు, విశాఖ బృందాలకు ఈ కేసు ఎందుకు చెబుతానంటే, మన భారత భాగస్వామ్య చట్టం 1932 ఇంగ్లండు చట్టం బాటలోనే తయారైంది. దాని 13వ సెక్షన్ ప్రకారం వేరే ఒప్పందం లేకపోతే లాభాలు సమానం, నష్టాలు కూడా సమానమే. 33వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో అధికారం ఇచ్చి ఉంటేనే, అదీ సదుద్దేశంతోనే, ఒక భాగస్వామిని తొలగించవచ్చు. కాలపరిమితి రాసుకోని భాగస్వామ్యాన్ని ఒక్క సభ్యుడు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి రద్దు చేయవచ్చని 43వ సెక్షన్ అంటుంది.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది 69వ సెక్షన్. భాగస్వామ్యం రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు కాకపోతే, ఒప్పందం వల్ల వచ్చిన హక్కు కోసం ఒక సభ్యుడు తోటి సభ్యుల మీద దావా వేయలేడు. కాని బృందాన్ని రద్దు చేయమని, రద్దయిన బృందం లెక్కలు తేల్చమని కోరడానికి అడ్డు లేదు. దీని ఫలితం ఏమిటో ఆలోచించండి. బృందం కొనసాగాలి, నా వాటా మాత్రం సరిగ్గా రావాలి అని కోరుకునే బేస్ గిటారిస్టుకు కోర్టులో దారి మూసుకుపోతుంది. బృందాన్ని కూల్చడానికి సిద్ధపడితేనే దారి తెరుచుకుంటుంది. నమోదు ఖర్చు చాలా తక్కువ. అది చేయకపోవడం వల్ల చిన్న తగాదా కూడా చీలిక దాకా వెళుతుంది.

మన దగ్గర తగాదా మొదలయ్యే చోటు కూడా కాస్త వేరు. ఇక్కడి బృందాల సంపాదన ఎక్కువగా కాలేజీ ఉత్సవాలు, కంపెనీ కార్యక్రమాలు, పబ్బులు, పెళ్లి సంగీత్‌ల నుంచి వస్తుంది. నిర్వాహకులు మొత్తం పారితోషికాన్ని ఎవరో ఒక సభ్యుడి ఖాతాలో వేస్తారు, టీడీఎస్ కోసి ఆ సభ్యుడి పాన్ మీద చూపిస్తారు. అతను మిగతావారికి యూపీఐలో పంపిస్తాడు. ఏడాది చివర ఆదాయపు పన్ను శాఖ దృష్టిలో సంపాదన మొత్తం అతనిదే. పన్ను భారం లెక్కేసుకుని వచ్చే ప్రదర్శన నుంచి కొంత పట్టుకుంటాడు. ఎందుకు పట్టుకున్నాడో చెప్పడు. తక్కినవాళ్లకు అనుమానం మొదలవుతుంది. ఉమ్మడి కుటుంబంలో పొలం లెక్కలు పెద్దవాడొక్కడే చూస్తున్నప్పుడు తమ్ముళ్ల మనసులో పుట్టే అనుమానం లాంటిదే ఇది. అతను దొంగ కానక్కరలేదు, లెక్క కనబడకపోతే చాలు.

ఈ మధ్య ఒక బృందం పత్రం రాయించుకోవడానికి నా ఆఫీసుకు వచ్చింది. గాయని, ఇద్దరు గిటారిస్టులు, డ్రమ్మర్. అంతా సమానమే సార్, అందులో గొడవేమీ లేదు, ఏదో ఒక కాగితం ఉంటే మంచిదని వచ్చాం అన్నారు. ఒక్కొక్కరికి ఒక తెల్లకాగితం ఇచ్చి, పాటల మీద ఎవరికెంత, రికార్డింగు మీద ఎవరికెంత, ప్రదర్శన మీద ఎవరికెంత అని మూడు వరుసల్లో రాయమన్నాను, పక్కవాళ్లవి చూడకుండా. ప్రదర్శన వరుసలో నలుగురూ 25 చొప్పునే రాశారు. పాటల వరుసకు వచ్చేసరికి బాణీలు కట్టే గిటారిస్టు తనకు 50, గాయనికి 50 రాసుకున్నాడు; డ్రమ్మర్ నలుగురికీ 25 రాశాడు. కాగితాలు బల్ల మీద పక్కపక్కన పెట్టాక డ్రమ్మర్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అన్నా, ఆ రెండో పాటలో మధ్యలో వచ్చే భాగం నేను కదా చెప్పింది" అన్నాడు. గిటారిస్టు, "చెప్పావురా, కాదనలేదు, కానీ బాణీ అప్పటికే ఉంది కదా" అన్నాడు. ఆ ఇద్దరూ ఆ మాట అంతకుముందు ఎప్పుడూ అనుకోలేదు.

ఆ డ్రమ్మర్ ప్రశ్నకు చట్టంలో తేలికైన సమాధానం లేదు. ప్రోకోల్ హారమ్ అనే ఇంగ్లిష్ బృందంలో ఆర్గాన్ వాయించిన మాథ్యూ ఫిషర్, 1967 నాటి వాళ్ల ప్రసిద్ధ గీతంలో తన ఆర్గాన్ భాగం కూడా రచనలో భాగమేనని 2005లో దావా వేశాడు. 2009లో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న ప్రభువుల సభ, సంగీతం కాపీరైటులో అతనికి 40 శాతం ఉందన్న కింది కోర్టు తీర్పును పునరుద్ధరించింది. నలభై ఏళ్లు ఆలస్యం చేసినా హక్కు పోలేదు. కాబట్టి పాట పూర్తయిన వారంలోనే ఎవరు ఏ భాగం కట్టారో ఒక పేజీలో రాసుకుని నలుగురూ సంతకం చేయాలని నేను ప్రతి బృందానికీ చెబుతాను. పాటలు రాసినవారి తరఫున రాయల్టీలు వసూలు చేసే ఐపీఆర్ఎస్ సంస్థలో పాటను నమోదు చేసేటప్పుడు అవే శాతాలు నమోదవ్వాలి.

సమానంగా పంచుకున్నవారి సంగతి

అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ పట్టణంలో 1980లో మొదలైన ఆర్.ఈ.ఎం. బృందం స్మిత్స్‌కు సమకాలికం. బాణీ ఎవరు తెచ్చినా, మాటలు ఎవరు రాసినా, పాటల రచనను నలుగురి పేరు మీదే వేసుకుని ఆదాయాన్ని సమానంగా పంచుకున్నారు. బెర్టిస్ డౌన్స్ అనే న్యాయవాది మొదటి నుంచీ వారి వెంట ఉన్నాడు. 1995లో వేదిక మీదే మెదడులో రక్తనాళం చిట్లి కోలుకున్న డ్రమ్మర్ బిల్ బెర్రీ 1997లో తప్పుకున్నాడు; మిగిలిన ముగ్గురూ కొనసాగి 2011లో సామరస్యంగా విరమించుకున్నారు. తర్వాత కోర్టు గొడవలు లేవు.

అయినా సమాన వాటానే అందరికీ మందు అని నేను చెప్పను. పాటలన్నీ ఒక్కరే రాసే బృందంలో రచన ఆదాయాన్ని బలవంతంగా నాలుగు ముక్కలు చేస్తే, మూడో ఆల్బమ్ నాటికి ఆ రచయిత సొంత ఆల్బమ్ గురించి ఆలోచించడం మొదలుపెడతాడు. అలాంటి చోట రచన రాసినవారికి, రికార్డింగు, ప్రదర్శన అందరికీ సమానం అన్న ఏర్పాటు ఎక్కువ కాలం నిలుస్తుంది. మార్ లాగా ఆఫీసు పని కూడా చేసే సభ్యుడు ఉంటే, ఆ పనికి లాభంలో వాటా పెంచకుండా, ఖర్చు కింద విడిగా ఇంత అని చెల్లించాలని పత్రంలో రాస్తాను. పనిని మరొకరికి అప్పగించినప్పుడు ఆ మొత్తం కూడా వారితో పాటే వెళుతుంది, ఎవరి వాటా మారదు.

అన్నిటికంటే జాగ్రత్తగా రాసేది వెళ్లిపోయే సభ్యుడి గురించిన షరతు. అందుకు కారణం రూర్క్. సాక్ష్యం చెప్పిన ఇద్దరూ నిజాయితీపరులే అని కోర్టు నమ్మింది. ఇద్దరి పరిస్థితీ ఒకటే. ఏడేళ్ల ముందు చేసిన సంతకం వల్ల జాయిస్‌కు దక్కిన 25 శాతం రూర్క్‌కు దక్కలేదు. అతను 1999లో దివాలా ప్రకటించుకున్నాడు; 2023లో మరణించాడు. నేను రాసే పత్రాల్లో, బృందం నుంచి వెళ్లేవారు తాము వాయించిన రికార్డింగుల మీద వాటాను జీవితాంతం అదే శాతంలో పొందుతారు, వారి తర్వాత వారసులకు వెళుతుంది. వెళ్లాక చేసిన రికార్డింగుల మీద, కొత్త ప్రదర్శనల మీద వారికి హక్కు ఉండదు. పేరు మిగిలిన సభ్యులది. ఆ వాటాను ఏకమొత్తానికి వదులుకోవాలంటే, బృందం న్యాయవాది కాకుండా తాను ఎంచుకున్న వేరే న్యాయవాదికి కాగితం చూపించి, అప్పటి మూడేళ్ల లెక్కలు చేతికి తీసుకుని, ముప్పై రోజులు గడిచాకే సంతకం చేయాలి. ఆ గడువు లోపల చేసిన సంతకం చెల్లదని నలుగురూ ముందే ఒప్పుకుంటారు.